పాత జాబితాలోని స్పామ్ ట్రాప్‌లను ఎవరూ ఏరిపెట్టలేరు

ఈమెయిల్ జాబితాలను శుభ్రం చేసి ఇస్తామనే ఒక సంస్థ పంపిన కొటేషన్‌ను, నేను అప్పుడప్పుడు సాంకేతిక సలహాలు ఇచ్చే ఒక ఇంజనీరింగ్ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి ఈ మధ్య నాకు పంపి, అభిప్రాయం చెప్పమన్నారు. చిరునామాకు ఇంత అని ధర కట్టిన ఆ కాగితంలో ముఖ్యమైన హామీ ఒక్కటే: జాబితాలో దాగి ఉన్న స్పామ్ ట్రాప్‌లను, అంటే స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికి ఉచ్చులుగా ఉంచిన చిరునామాలను, అన్నింటినీ గుర్తించి తొలగిస్తారట. అది నెరవేర్చగలిగే హామీ కాదని, పైగా ఆ పని చేయించుకుంటే జాబితా ఇప్పుడున్న దానికంటే ప్రమాదకరంగా మారుతుందని నేను బదులిచ్చాను. రెండో మాట వారికి నమ్మశక్యంగా అనిపించలేదు. డబ్బు పెట్టి శుభ్రం చేయిస్తే జాబితా చెడిపోవడమేమిటన్న ఆ సందేహం న్యాయమైనదే కాబట్టి, ఆ సంఘానికి జరిగిన నష్టాన్నే ఉదాహరణగా తీసుకుని వివరంగా రాస్తున్నాను.

సంఘం దగ్గర సుమారు 11,000 చిరునామాలు ఉండేవి. వాటిలో 4,200 దాకా 2004లో అచ్చువేసిన సభ్యుల డైరెక్టరీ నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించినవి. ఆ తర్వాత పదేళ్లలో రీయూనియన్‌ల దగ్గర పుస్తకంలో రాయించుకున్నవి, విజిటింగ్ కార్డుల నుంచి తీసుకున్నవి కలిపి మరో 4,300. మిగిలిన 2,500 మాత్రం 2016 నుంచి వెబ్‌సైట్‌లో స్వయంగా నమోదు చేసుకున్నవారివి, విరాళాలిచ్చి రసీదులు అందుకున్నవారివి. మొత్తం జాబితాకు చివరిసారి ఉత్తరం వెళ్లి తొమ్మిదేళ్లు దాటింది. స్వర్ణోత్సవం దగ్గరపడటంతో, మూడు షీట్లనూ కలిపి ఒక బల్క్ మెయిల్ సర్వీసులోకి ఎక్కించి, ఒకే సాయంత్రం 11,000 మందికీ ఆహ్వానం పంపించారు.

మర్నాడు ఉదయానికి సర్వీసు వారు ఖాతాను నిలిపివేశారు. ఆ వారంలోనే పేద విద్యార్థుల స్కాలర్‌షిప్ ఉత్తరాలు, దాతల రసీదులు స్పామ్ ఫోల్డర్లలో పడటం మొదలైంది. అవి ఆ సర్వీసు ద్వారా వెళ్లేవి కావు. సంఘం సొంత సర్వర్ నుంచి వెళ్లేవి. అయితే వాటి మీద ఉండేదీ అదే డొమైన్ పేరు. స్కాలర్‌షిప్‌కు ఎంపికైన కొందరు పిల్లలకు బ్యాంకు వివరాలు పంపాల్సిన గడువు దాటిపోయేదాకా ఆ ఉత్తరం కనిపించనే లేదు.

ఎవరినీ విసిగించని వారికి శిక్ష ఎందుకు పడింది?

కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దాయన బాధతో అన్న మాట నాకు బాగా గుర్తుంది. "మనం తొమ్మిదేళ్లు ఎవరికీ ఒక్క ఉత్తరం పంపలేదండీ. రోజుకు పది పంపేవాళ్లను వదిలేసి, పదేళ్లకొకటి పంపిన మనల్ని స్పామర్లంటారా?" వినడానికి ఇది తిరుగులేని వాదనలా ఉంటుంది. నష్టానికి అసలు కారణం మాత్రం ఆ తొమ్మిదేళ్ల విరామమే.

ట్రాప్‌లలో కొన్ని పుట్టుకతోనే ట్రాప్‌లు. ఏ మనిషీ ఎన్నడూ వాడని చిరునామాను వెబ్ పేజీల కోడ్‌లో కంటికి కనబడకుండా దాచిపెడతారు. దానికి ఉత్తరం వచ్చిందంటే, ప్రోగ్రామ్‌తో చిరునామాలు ఏరుకున్నవారో, అలాంటి జాబితా కొన్నవారో పంపారని అర్థం. సంఘం జాబితా కొన్నది కాదు కాబట్టి వీటి సంగతి ఇక్కడ అంతగా వర్తించదు. ఇక్కడ ముఖ్యమైనది రెండో రకం: ఒకప్పుడు నిజమైన మనిషి వాడి, వదిలేసిన చిరునామా.

ఒకరు తన మెయిల్‌బాక్స్‌ను వదిలేశాక, మెయిల్ సంస్థ కొంతకాలానికి దాన్ని మూసివేస్తుంది. ఆ తర్వాత దానికి ఎవరు ఉత్తరం పంపినా అలాంటి వాడుకరి లేరని తిప్పి పంపుతుంది. ఈ తిప్పి పంపడం నెలల తరబడి సాగుతుంది. పద్ధతిగా నడిపేచోట ఏడాది దాకా ఉంటుంది. ఆ వ్యవధిలో ఒక్కసారైనా ఉత్తరం పంపినవారికి చిరునామా చచ్చిపోయిందని తెలుస్తుంది, జాబితా నుంచి తీసేస్తారు. ఆ గడువు ముగిశాక అలాంటి చిరునామాల్లో కొన్నింటిని మళ్లీ తెరుస్తారు. ఈసారి లోపల మనిషి ఉండడు, వచ్చినదాన్ని నమోదు చేసుకునే యంత్రం మాత్రమే ఉంటుంది. మొత్తంగా మూతపడిన కంపెనీల, ఇంటర్నెట్ ప్రొవైడర్ల డొమైన్‌లను కొని, వాటి మీదకు వచ్చే ఉత్తరాలన్నింటినీ గమనించేవారూ ఉన్నారు.

అంటే పునర్జన్మ ఎత్తిన ఈ చిరునామాకు ఇప్పుడు ఉత్తరం పంపేవారు ఇద్దరే ఉండగలరు: తిరిగొచ్చిన ఉత్తరాలను పట్టించుకోకుండా పంపుతూనే ఉన్నవారు, లేదా ఆ నెలల్లో అసలు ఏమీ పంపనివారు. మన సంఘం రెండో కోవకు చెందింది. మధ్యలో ఎప్పుడైనా పంపి ఉంటే అందాల్సిన హెచ్చరికలు, పంపకపోవడం వల్ల ఒక్కటీ అందలేదు. మర్యాద కోసం పాటించిన విరామమే వారిని జాబితా పట్ల అజ్ఞానంలో ఉంచింది.

2004 డైరెక్టరీ సంగతే చూడండి. జీమెయిల్ ఆ ఏప్రిల్‌లోనే, అదీ ఆహ్వానాల మీద మొదలైంది. అందరికీ తెరిచింది 2007లో. కాబట్టి ఆ డైరెక్టరీ నిండా యాహూ, హాట్‌మెయిల్, రెడిఫ్‌మెయిల్, వీఎస్‌ఎన్‌ఎల్ చిరునామాలు, ఆఫీసు చిరునామాలు. హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్‌లో పనిచేసిన పూర్వ విద్యార్థులే పేజీలకు పేజీలు కనిపిస్తారు. ఆ సంస్థ 2009 తర్వాత మహీంద్రా సత్యం అయింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. మనుషులు అక్కడి నుంచి డాలస్‌కో, సింగపూర్‌కో, వేరే కంపెనీకో వెళ్లిపోయారు. ఎక్సెల్ షీట్‌లో మాత్రం వారింకా 2004లోనే ఉన్నారు.

అనుమతి ఇచ్చింది మనిషి

"వాళ్లే కదా ఇష్టపడి రాసిచ్చారు" అన్నది ఆ సమావేశంలో వచ్చిన తర్వాతి వాదన. నిజమే, రాసిచ్చారు. కానీ ఆ చిరునామా వెనుక ఆ మనిషి ఇంకా ఉన్నాడన్న హామీ ఎవరిస్తారు?

2013లో యాహూ, చాలాకాలంగా వాడని ఐడీలను విడుదల చేసి కొత్తవారికి ఇస్తామని ప్రకటించి, ఇచ్చింది కూడా. కొత్తగా తీసుకున్నవారిలో కొందరి ఇన్‌బాక్స్‌లకు పాత యజమానుల ఖాతాల వివరాలు, వ్యక్తిగత ఉత్తరాలు రావడం మొదలైంది. ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి యాహూ, ఫేస్‌బుక్ కలిసి ఒక కొత్త హెడర్‌ను ప్రతిపాదించాయి. ఈ చిరునామా ఫలానా తేదీ నుంచి ఒకే మనిషి చేతిలో ఉంటేనే ఉత్తరం అందించు, లేకపోతే తిప్పి పంపు అని పంపేవారు అడగడానికి అది ఉపయోగపడుతుంది. 2014లో `RFC 7293`గా అది ప్రమాణమైంది, కానీ విస్తృతంగా వాడుకలోకి రాలేదు. జీమెయిల్ చిరునామాలను వేరొకరికి ఇవ్వరు; అయితే రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించడాన్ని గూగుల్ 2023 డిసెంబరులో ప్రారంభించింది. కాబట్టి జీమెయిల్ చిరునామాలు శాశ్వతమన్న ధీమా కూడా ఇక చెల్లదు.

ఈ ఉదాహరణ చెప్పాక సమావేశంలో చర్చ తీరు మారింది. అప్పటిదాకా ట్రాప్ అంటే ఎవరో గూఢచారులు పన్నిన ఉచ్చు అన్న ధోరణిలో మాట్లాడినవారు, తమ విరాళం రసీదు, అందులోని పాన్ నంబరుతో సహా, ముక్కూ మొహం తెలియని మనిషికి చేరవచ్చన్న సంగతిని గ్రహించారు. చిరునామా చేతులు మారినా, మూతపడినా, ట్రాప్‌గా మారినా పంపేవారి వైపు నుంచి చూస్తే పరిస్థితి ఒక్కటే: ఎవరికి పంపుతున్నామో తెలియకుండా పంపుతున్నాం. ట్రాప్ చేసేదల్లా ఆ తెలియనితనాన్ని నమోదు చేయడం.

వెరిఫికేషన్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

ఇప్పుడు కొటేషన్ సంగతికి వస్తాను. చిరునామా పనిచేస్తోందో లేదో చూసే సర్వీసులు ప్రధానంగా చేసే పని చిన్నది. అవతలి మెయిల్ సర్వర్‌తో మాట కలిపి, ఫలానా వారికి ఉత్తరం తెచ్చాను, తీసుకుంటావా అని అడుగుతాయి. సర్వర్ తీసుకుంటానన్నా, అలాంటివారు లేరన్నా, ఆ జవాబు రాసుకుని ఉత్తరం ఇవ్వకుండానే వెనుదిరుగుతాయి.

```
RCPT TO:<old-member@example.com>
250 2.1.5 OK
```

`250` అంటే తీసుకుంటానని. ట్రాప్ ఉన్నదే ఉత్తరాలు తీసుకోవడానికి కాబట్టి, అది కూడా ఇదే జవాబిస్తుంది. అందువల్ల వెరిఫికేషన్ నివేదికలో ట్రాప్ పక్కన పచ్చ గుర్తు పడుతుంది. అనుభవం మీద కొన్ని ట్రాప్‌లను ఈ సంస్థలు పసిగట్టి ఉండవచ్చు, అక్షరం తప్పిన డొమైన్‌లను గుర్తించవచ్చు, దాన్ని నేను కాదనను. కానీ ట్రాప్‌ల పూర్తి జాబితా వారి దగ్గర ఉండే అవకాశం లేదు. నడిపేవారు వాటిని బయటపెట్టరు. బయటపడిన ట్రాప్ ఇక పనికిరాదు కాబట్టి, మీరే నష్టపోయి అడిగినా ఏ చిరునామా వల్ల పట్టుబడ్డారో, స్పామ్ పంపేవారి బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హాస్ వంటి సంస్థలు చెప్పవు.

దీనికంటే పెద్ద చిక్కు మరొకటుంది. సంఘం పంపిన ఆహ్వానం ఫలితాలను మూడు షీట్ల వారీగా విడదీసి చూశాం. 2004 డైరెక్టరీలోని 4,200 చిరునామాల్లో 2,500 దాకా తిరిగొచ్చాయి. తీసుకున్న 1,700లో ఆహ్వానంలోని లింకును నొక్కినవారు ఇరవైమంది ఉంటారు. మధ్య షీటులో 1,100 తిరిగొచ్చాయి. 2016 తర్వాతి 2,500లో మాత్రం తిరిగొచ్చినవి 110, లింకు నొక్కినవారు 600 పైనే.

డైరెక్టరీ షీటులో సగానికి పైగా చనిపోయాయంటే, మిగిలినవి బతికే ఉన్నాయని అనుకోవడానికి లేదు. ఒకే ఏడాది, ఒకే రకం మనుషుల దగ్గర, ఒకే రకం సర్వీసుల్లో సేకరించిన చిరునామాలవి. ఆ 1,700లో చాలావరకు ఎవరూ తెరవని మెయిల్‌బాక్స్‌లు, కొన్ని చేతులు మారినవి, కొన్ని ట్రాప్‌లు. ఏది ఏదో బయటి నుంచి చెప్పలేం. చెప్పగలిగినదల్లా ఆ షీటు నమ్మదగినది కాదని మాత్రమే, అదీ తిరిగొచ్చిన 2,500 వల్లే.

ఇదే షీటును ముందుగా ఆ సంస్థకు ఇచ్చి ఉంటే ఏం జరిగేది? 2,500 చచ్చిన చిరునామాలను తీసేసి, 1,700 పచ్చ గుర్తులతో తిరిగి ఇచ్చేవారు. ఆ 1,700కు పంపితే దాదాపు ఒక్క ఉత్తరమూ తిరిగి రాదు. జాబితా ఆరోగ్యంగా ఉన్నట్లు కనిపిస్తుంది. ట్రాప్‌లు మాత్రం ఒక్కటీ తగ్గవు. 4,200లో ఉన్నవే ఇప్పుడు 1,700లో ఉంటాయి. జబ్బును అలాగే ఉంచి, దాన్ని బయటపెట్టే లక్షణాన్ని మాత్రం తీసేసినట్లవుతుంది. శుభ్రం చేసిన జాబితా మరింత ప్రమాదకరమని నేను అన్నది అందుకే. ఇటీవల స్వయంగా నమోదు చేసుకున్నవారి జాబితాలో అక్షర దోషాలు పట్టుకోవడానికి వెరిఫికేషన్ పనికొస్తుంది. ఇరవై ఏళ్ల నాటి డైరెక్టరీని బతికించడానికి అది పనికిరాదు.

దెబ్బ ఎక్కడ తగిలిందో ఎలా తెలిసింది

బల్క్ సర్వీసు ఖాతా ఆగిపోవడానికి ట్రాప్‌ల దాకా వెళ్లనక్కరలేదు, తిరిగొచ్చిన ఉత్తరాలు, అంటే బౌన్స్‌లే చాలు. ఉదాహరణకు అమెజాన్ ఎస్‌ఈఎస్ తన నియమాల్లో, బౌన్స్‌లు 5 శాతం చేరితే ఖాతాను పరిశీలనలో పెడతామని, 10 శాతం చేరితే పంపడాన్ని ఆపివేయవచ్చని రాసుకుంది. సంఘం పంపినవాటిలో మూడోవంతు తిరిగొచ్చాయి. ఆ సర్వీసుకు ఇది కోపం మీద తీసుకున్న నిర్ణయం కాదు. ఒకే ఐపీ నుంచి అనేక సంస్థల ఉత్తరాలు వెళతాయి కాబట్టి, మన పాత షీటు వల్ల పక్కవారి జీతాల స్లిప్పులు ఆగిపోకుండా చూసుకోవడం వారి బాధ్యత.

సొంత సర్వర్ నుంచి వెళ్లే రసీదులు ఎందుకు దెబ్బతిన్నాయన్నది వేరే ప్రశ్న. తిరిగొచ్చిన ఉత్తరాల లాగ్ చదివితే రెండు రకాల తిరస్కారాలు కనిపిస్తాయి.

```
550 5.1.1 User unknown
550 5.7.1 Message rejected due to sender reputation
```

మొదటిది చిరునామా లేదని చెబుతోంది. రెండోది చిరునామా గురించి ఏమీ చెప్పడం లేదు, పంపినవారి గురించి చెబుతోంది. వాక్యాలు సర్వర్‌ను బట్టి మారుతుంటాయి, అంకెలు చూసుకోవాలి. ఈ తేడా తెలియక, రెండింటినీ చచ్చిన చిరునామాలుగా లెక్కగట్టి నిజమైన సభ్యులను తొలగించడం చాలాచోట్ల జరుగుతుంది. ఆహ్వానం వెళ్లిన రోజు దాదాపు అన్నీ మొదటి రకమే. రెండు రోజుల తర్వాత రసీదులకు వచ్చినవన్నీ రెండో రకం. జబ్బు జాబితా నుంచి డొమైన్ పేరుకు పాకిందని ఆ వరుసను బట్టి అర్థమైంది.

డొమైన్ పేరు స్పామ్‌హాస్ వారి డీబీఎల్ అనే డొమైన్ బ్లాక్‌లిస్ట్‌కు ఎక్కిందేమో చూడటానికి ఒక్క ఆదేశం చాలు.

```
dig +short example.org.dbl.spamhaus.org
```

జవాబు ఏమీ రాకపోతే పేరు అందులో లేదు. సంఘం డొమైన్‌కు `127.0.1.2` వచ్చింది, అంటే ఎక్కిందన్నమాట. ఇక్కడొక జాగ్రత్త: `8.8.8.8` వంటి, అందరికీ తెరిచిన డీఎన్‌ఎస్ సర్వర్ ద్వారా అడిగితే `127.255.255.254` అని వస్తుంది. అది నేరారోపణ కాదు, ఆ దారిలో వచ్చిన ప్రశ్నకు జవాబు ఇవ్వబోమని చెప్పడం మాత్రమే. దాన్ని చూసి భయపడి నాకు ఫోన్ చేసినవారు ఉన్నారు.

సొంత ఐపీ ఉన్నవారికి మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌ఎన్‌డీఎస్ అనే సదుపాయం ఇంకొంచెం వివరంగా చెబుతుంది. తమ ట్రాప్‌లకు ఆ ఐపీ నుంచి ఏ రోజు ఎన్ని ఉత్తరాలు వచ్చాయో అందులో ఒక గడి ఉంటుంది. అక్కడ కూడా చిరునామాలు చెప్పరు. సంఘం ఆహ్వానం బల్క్ సర్వీసు ఐపీల నుంచి వెళ్లింది కాబట్టి ఆ గడి మాకు అందుబాటులో లేదు.

డీకిమ్, ఎస్‌పీఎఫ్, డీమార్క్ అన్నీ సవ్యంగా ఉన్నాయి కదా అని సంఘంలోని ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అడిగారు. ఉన్నాయి. ఉత్తరం నిజంగా ఈ డొమైన్ నుంచే వచ్చిందని అవి రుజువు చేస్తాయి. అలా రుజువైంది కాబట్టే పరువు నష్టం కూడా సందేహం లేకుండా ఈ డొమైన్ ఖాతాలోనే పడింది.

తర్వాత వచ్చిన సూచన మరింత ప్రమాదకరమైనది: కొత్త డొమైన్ ఒకటి కొని, మిగిలిన జాబితాకు అక్కడి నుంచి పంపుదామని. కొత్త డొమైన్‌కు మంచి పేరూ ఉండదు, చెడ్డ పేరూ ఉండదు. పుట్టిన వారంలోనే వేల ఉత్తరాలు పంపే డొమైన్‌ను ఫిల్టర్లు అనుమానంగానే చూస్తాయి. అదే జాబితా, అదే ట్రాప్‌లు, కొత్త పేరు అంటే దొరికినప్పుడల్లా పేరు మార్చే స్పామర్ల నడవడికి అచ్చంగా సరిపోతుంది. కోశాధికారి గట్టిగా అడ్డుపడటంతో ఆ సూచన ఆగింది.

డీబీఎల్ నుంచి పేరు తీయించడం అనుకున్నంత కష్టం కాలేదు. ఏం జరిగిందో దాచకుండా రాసి, ఏం మార్చామో చెప్పి, వారి సైట్‌లోనే విన్నపం పెట్టాం. అయితే జీమెయిల్, యాహూ వంటివి ఎవరికి వారు సొంత లెక్క పెట్టుకుంటాయి. ఒక బ్లాక్‌లిస్ట్ నుంచి పేరు పోయినంత మాత్రాన ఆ లెక్క మారదు. అక్కడ మళ్లీ మంచి పేరు రావాలంటే, ఉత్తరం కోరుకునేవారికే, కొద్దికొద్దిగా, వారాల తరబడి పంపుతూ రావాలి. రసీదులు ఇన్‌బాక్స్‌లో పడటానికి అంతకాలమూ పట్టింది.

ఈ పద్ధతి న్యాయమేనా అన్న సందేహం

ఇంత చెప్పాక కూడా, నాలో పూర్తిగా తీరని సందేహం ఒకటుంది. ఎవరు ఫిర్యాదు చేశారో చెప్పరు, ఏ సాక్ష్యం మీద చర్య తీసుకున్నారో చూపరు, శిక్ష మాత్రం అమలవుతుంది. స్కాలర్‌షిప్ ఉత్తరం అందని పిల్లవాడికి పాత డైరెక్టరీతో ఏ సంబంధమూ లేదు. ఉద్దేశపూర్వకంగా చిరునామాలు దొంగిలించేవారికి, దుమ్ముపట్టిన ఎక్సెల్ షీటును తెరిచినవారికి మధ్య తేడాను ట్రాప్ చూడలేదు. దాన్ని నడిపేవారు రెండింటినీ వేర్వేరుగా తూచుతారని, పుట్టుకతోనే ట్రాప్ అయినదానికి వచ్చిన ఉత్తరానికి ఉన్నంత బరువు వదిలేసిన చిరునామాకు వచ్చినదానికి ఉండదని నాకు తెలుసు. అయినా రహస్యం మీద నడిచే తీర్పు ఏదైనా నన్ను ఇబ్బంది పెడుతుంది.

కానీ దీనికి ప్రత్యామ్నాయం ఏమిటని ఆలోచించినప్పుడల్లా నాకు ఒప్పుకోదగిన జవాబు దొరకలేదు. ఫిర్యాదుల మీదే ఆధారపడితే, మనిషి లేని మెయిల్‌బాక్స్ నుంచి ఫిర్యాదు ఎన్నటికీ రాదు. ట్రాప్ చిరునామా చెబితే, ప్రతి స్పామరూ ఆ ఒక్కదాన్నే తీసేసి మిగతావాటికి పంపుతాడు. మంచి ఉద్దేశంతో ఉన్నవారు కూడా అదే చేస్తారని కొటేషన్ తెప్పించుకున్న మన కార్యవర్గాన్ని చూస్తే తెలుస్తోంది. ఆ చిరునామాలు తెలిసి ఉంటే వాటిని తీసేసి, ఆ 1,700లో మిగిలినవాటికి నిశ్చింతగా పంపేవారు. చేతులు మారిన మెయిల్‌బాక్స్‌లకు రసీదులు వెళుతూనే ఉండేవి.

మౌనంగా చదివేవారి మాట

చివరికి మేం పెట్టుకున్న నియమం సూటిగా ఉంటుంది. గత రెండేళ్లలో విరాళమో, నమోదో, జవాబో, లింకు నొక్కడమో, ఏదో ఒక కదలిక కనిపించినవారికే ఉత్తరాలు. ఇది 1972 బ్యాచ్‌కు చెందిన, నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా రిటైరైన ఒకాయనకు నచ్చలేదు. "చూడు బాబూ, మీరు పంపే ప్రతి ఉత్తరం నేను చదువుతాను. లింకులు నొక్కొద్దని మా మనవడు చెప్పాడు, నేను నొక్కను. అంతమాత్రాన నన్ను చచ్చినవాళ్ల లెక్కలో వేస్తారా?" అని అడిగారు.

ఆయన మాటకు నా దగ్గర తేలికైన సమాధానం లేదు. ఒకప్పుడైతే, ఉత్తరంలోని బొమ్మ దిగుమతి అయిందా అన్నదాన్ని బట్టి, తెరిచారో లేదో చూసేవాళ్లం. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణ ప్రవేశపెట్టాక, మనిషి చదవకపోయినా ఉత్తరంలోని బొమ్మలు ముందే దిగుమతి అవుతాయి, తెరిచినట్లే నమోదవుతుంది. ఆఫీసుల భద్రతా సాఫ్ట్‌వేర్లు లింకులను కూడా ముందే నొక్కి చూస్తాయి. కాబట్టి తెరిచిన లెక్కను మేం పూర్తిగా వదిలేశాం, నొక్కిన లెక్కను కూడా ఒక్కటే ఆధారంగా తీసుకోం. ఆయనలాంటివారిని కోల్పోకుండా ఉండటానికి, ఏడాదిగా కదలిక లేనివారికి ఒక చిన్న ఉత్తరం పంపుతున్నాం: ఇంకా కావాలంటే "కావాలి" అని జవాబు రాయండి చాలు, లింకు నొక్కనక్కరలేదు. ఆయన రాశారు, ఇంగ్లిషులో, పెద్ద అక్షరాలతో, తన రోల్ నంబరుతో సహా.

ఆ ఉత్తరాన్నే 2004 షీటుకు కూడా పంపి చూద్దామని కార్యదర్శి అడిగారు. వద్దన్నాను. మళ్లీ అనుమతి అడిగే ఉత్తరం కూడా ఉత్తరమే. ట్రాప్‌కు అందులో ఏం రాశామో అనవసరం. ఏడాది మౌనంగా ఉన్నవారిని ఈమెయిల్‌తో అడగవచ్చు. పదేళ్లు, ఇరవై ఏళ్లు మౌనంగా ఉన్నవారిని వేరే దారిలో అడగాలి. అదృష్టవశాత్తూ మన సంఘాలకు ఆ దారి ఉంది: దాదాపు ప్రతి బ్యాచ్‌కూ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, ఎవరు ఎక్కడున్నారో చెప్పగలిగే మనిషి ఒకరు ఉన్నారు. బ్యాచ్ ప్రతినిధులు గ్రూపుల్లో నమోదు లింకు పెట్టారు. నమోదు చేసుకున్న ప్రతివారికీ నిర్ధారణ ఉత్తరం వెళుతుంది, అందులోని లింకు నొక్కితేనే పేరు జాబితాలోకి ఎక్కుతుంది.

ఈ నిర్ధారణ మెట్టు వల్ల కొందరు మధ్యలో ఆగిపోతారు, అది నిజం. ఫోన్‌లో టైపు చేసేటప్పుడు `gmial.com`, `gmai.com` అని పడటం మాత్రం మేం అనుకున్నదానికంటే ఎక్కువ. ఇలాంటి తప్పు స్పెల్లింగు డొమైన్‌లలో కొన్నింటిని ట్రాప్‌ల కోసమే పెట్టుకున్నవారు ఉన్నారు. నిర్ధారణ ఉంటే అక్కడికి ఒకే ఒక్క ఉత్తరం వెళుతుంది, జవాబు రాదు, అక్కడితో ఆగుతుంది. నిర్ధారణ లేకపోతే ప్రతి నెలా వెళుతూనే ఉంటుంది. రీయూనియన్‌లో పుస్తకంలో రాయించుకున్న మధ్య షీటులో, చేతిరాత సరిగ్గా అర్థంకాక వాలంటీర్లు ఇలా ఎక్కించినవి కోకొల్లలు.

ఇప్పుడు జాబితాలో 3,000కు కాస్త పైన ఉన్నారు. ప్రతి పేరు పక్కన మూడు గడులు పెట్టాం: చిరునామా ఎలా వచ్చింది, ఏ తేదీన వచ్చింది, చివరి కదలిక ఎప్పుడు. రసీదులు, స్కాలర్‌షిప్ ఉత్తరాలు ఒక సబ్‌డొమైన్ నుంచి, వార్తాలేఖ మరొకదాని నుంచి వెళుతున్నాయి. ఒకదాని మచ్చ రెండోదానికి అంటదని పూర్తి భరోసా లేకపోయినా కొంత అడ్డు ఉంటుంది. మూడు నెలలకు కనీసం ఒక్క ఉత్తరమైనా వెళ్లాలని తీర్మానం చేశారు, చచ్చిన చిరునామాల కబురు వెంటవెంటనే అందడానికి. 2004 డైరెక్టరీ షీటును పారేయలేదు. పేరు, బ్యాచ్, బ్రాంచి, సొంతూరు అలాగే ఉంచి, ఈమెయిల్ గడిని మాత్రం తొలగించి బ్యాచ్ ప్రతినిధులకు పంచాం. కొటేషన్ పంపిన సంస్థకు ఇప్పట్లో అవసరం లేదని కార్యదర్శి జవాబు రాశారు.